‘చెయ్యకండి’లో వినిపించని ‘క’

నాలుగో తరగతి. లెక్కల పీరియడ్. “అయిదో లెక్క చెయ్యకండి, అది రేపు చెప్తాను” అన్నారు మాస్టారు. పది నిమిషాల తర్వాత వెనక బల్ల మీది పాప పలక పట్టుకొచ్చింది. చేసింది అయిదో లెక్కే. మిగతావి ముట్టుకోలేదు. “చెప్పిన మాట వినవు కదా!” అని మాస్టారు విసుక్కున్నారు. ఆయనన్నది అక్షరాలా నిజమే. పాపకు మాట వినపడలేదు.

‘చెయ్యండి’కీ ‘చెయ్యకండి’కీ మధ్య ఉన్న తేడా ఒక్క ‘క’. గట్టిగా పలకని, గాలి చప్పుడు లాంటి చిన్న హల్లు. వినికిడి కొంచెం తగ్గిన పిల్లలకు మొదట జారిపోయేవి ఇలాంటివే. తెలుగులో చిక్కేమిటంటే వాక్యానికి ప్రాణం మాట చివర ఉంటుంది. తిన్నావు, తిన్నావా, వెళ్తాను, వెళ్ళను, రాముడికి, రాముడితో. మాట మొదలు బాగానే వినపడుతుంది, చివరికొచ్చేసరికి గొంతు తగ్గుతుంది. పాప మాటను పట్టుకుంటుంది, అర్థాన్ని మాత్రం ఊహించుకుంటుంది.

ఈ పాప ఫలానా ఊరి పాప కాదు. మన పల్లె బళ్ళలో తరచూ ఎదురయ్యే పరిస్థితులన్నీ కలిపి చెప్తున్నాను. వైకల్యమున్న పిల్లలను మామూలు బడిలో వివక్ష లేకుండా చేర్చుకుని చదివించాలన్నది ఇప్పుడు చట్టం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం అదే చెప్పింది. ఆ చట్టం గుర్తించిన వైకల్యాలు 21. అన్నిటి గురించీ తలా ఒక వాక్యం చెప్పడం కంటే ఒక్క పాపను పట్టుకుని వెళ్తే, రిసోర్స్ టీచర్ అనే మనిషి చేసే పనేమిటో బాగా తెలుస్తుంది.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. చాలాచోట్ల ఏదో ఒక బడి ఆవరణలోనే రెండు గదులు. అక్కడ పనిచేసే రిసోర్స్ టీచర్లు ప్రత్యేక విద్యలో డి.ఎడ్. లేదా బి.ఎడ్. చేసి, భారత పునరావాస మండలిలో పేరు నమోదు చేయించుకున్నవాళ్ళు. కొన్ని రోజులు కేంద్రంలో ఉంటారు, కొన్ని రోజులు బళ్ళు తిరుగుతారు. మంచం దిగలేని పిల్లలుంటే ఇంటికే వెళ్ళి నేర్పుతారు. ఊళ్ళో అడిగితే మాత్రం “భవిత టీచరా, చదువు రాని పిల్లలకు ట్యూషన్ చెప్తారు” అంటారు. ఈ మాట దగ్గరే తప్పుదారి మొదలవుతుంది.

మన కథలో రిసోర్స్ టీచర్ బడికొచ్చిన రోజు పాపను విడిగా పిలవలేదు. నోట్సు పుస్తకాలు అడిగింది. బోర్డు చూసి రాసినవి ముత్యాల్లా ఉన్నాయి. డిక్టేషన్ పుస్తకం తెరిస్తే సగం తప్పులు. చదువులో వెనకబడిన పిల్లయితే రెండు చోట్లా తప్పులుండాలి కదా. ఆ తప్పుల్లోనూ ఒక వరస ఉంది: ‘బడి’ అని చెప్తే ‘మడి’, ‘పాప’ అంటే ‘మామ’. ప, బ, మ పలికేటప్పుడు పెదవులు ఒకేలా మూసుకుంటాయి. అంటే పాప చెవితో వినడం లేదు, మాస్టారి నోరు చూసి రాస్తోంది. స, శ ఉన్నచోట చాలాసార్లు అక్షరమే లేదు.

“ఒక్కోరోజు బాగానే వింటుంది మేడమ్, ఒక్కోరోజు ఉలకదు పలకదు. నాటకాలు” అన్నారు మాస్టారు.

“చెవిలో చీము కారుతుందా సార్?”

వాళ్ళమ్మను అడిగితే తెలిసింది, జలుబు చేసినప్పుడల్లా కారుతుందట. నూనె పోస్తున్నారట. వినికిడి రోజుకో తీరుగా ఉండటానికి అది చాలా మామూలు కారణం. కాబట్టి మొదటి మజిలీ భవిత కేంద్రం కాదు, చెవి డాక్టరు. చీము ఆరాక వినికిడి పరీక్ష చేయించాలి. రిసోర్స్ టీచర్ పనిలో పెద్ద భాగం ఇదే: ఎవరి దగ్గరికి పంపాలో తెలియడం, పంపాక వెళ్ళారో లేదో కనుక్కోవడం.

పరీక్షలో రెండు చెవుల్లోనూ సుమారు 50 డెసిబెళ్ళ లోపం తేలిందనుకుందాం. ఆ అంకెకు తరగతి గదిలో అర్థమేమిటి? మామూలుగా మాట్లాడే గొంతు ఒక మీటరు దూరంలో దాదాపు 60 డెసిబెళ్ళుంటుంది. దూరం రెట్టింపైనప్పుడల్లా సుమారు 6 తగ్గుతుంది. రెండు మీటర్లకు 54, నాలుగు మీటర్లకు 48. గోడల ప్రతిధ్వని వల్ల గదిలో ఇంత కచ్చితంగా ఉండదు గానీ, విషయం అర్థమవుతుంది. ముందు బల్ల దగ్గర పాప వినికిడి అంచు మీద ఉంది, వెనక బల్ల దగ్గర అంచు దాటి పడిపోయింది. పైన ఫ్యాను, పక్కనే అదే గదిలో మూడో తరగతి ఎక్కాలు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. చట్టం లెక్కలో ‘వినికిడి తక్కువ’ అంటే రెండు చెవుల్లో 60 నుంచి 70 డెసిబెళ్ళ లోపం. 70 వస్తే బధిరత. మన పాప 50 దగ్గర ఆగింది. సర్టిఫికెట్ రాదు, దాని మీద ఆధారపడే సాయాలూ రావు. చాలా బళ్ళలో “సర్టిఫికెట్ తెచ్చుకోండి, చూద్దాం” అన్న మాటతో కథ ముగుస్తుంది. నా ఉద్దేశంలో ఇది అన్నిటికంటే పెద్ద తప్పు. బల్ల మార్చడానికి సర్టిఫికెట్ ఎందుకు?

బల్ల మార్చడంలో కూడా పనితనం ఉంది. ముందు వరసలోనే, కానీ కాస్త పక్కగా కూర్చోబెట్టాలి. అప్పుడు మెడ తిప్పితే మాట్లాడుతున్న తోటి పిల్లల ముఖాలు కూడా కనపడతాయి. వెలుతురు మాస్టారి ముఖం మీద పడాలి. ఆయన కిటికీకి వీపు పెట్టి నిలబడితే పాపకు నోరు కనపడదు, నీడ కనపడుతుంది. మాస్టారి అలవాట్లు మార్చడం దీనికంటే కష్టం. మనలో ఎక్కువమంది బోర్డు మీద రాస్తూ మాట్లాడతాం. రాయడం ఆపి, తిరిగి, అప్పుడు మాట్లాడాలి. వెనక నుంచి ఎవరైనా జవాబు చెప్తే దాన్ని ఆయన మళ్ళీ అనాలి. “అర్థమైందా?” అని అడగడం దండగ, పాప తలూపుతుంది. “నేనేం చెయ్యమన్నాను, చెప్పు” అంటే గుట్టు తెలుస్తుంది. రిసోర్స్ టీచర్ ఇదంతా ఉపన్యాసంగా చెప్పలేదు. వెనక బల్ల మీద కూర్చుని రెండు పీరియడ్లు చూసి, మాస్టారితో టీ తాగుతూ రెండే విషయాలు అడిగింది. మిగతావి తర్వాతి వారానికి.

వినికిడి యంత్రం ఒక దాత ద్వారా వచ్చింది. యంత్రం రాగానే సమస్య తీరిందని అందరూ అనుకుంటారు. అది కళ్ళజోడు లాంటిది కాదు, ఫ్యాను చప్పుడును కూడా పెంచి వినిపిస్తుంది. దాని బ్యాటరీ వాడకాన్ని బట్టి వారం, రెండు వారాలొస్తుంది. చెవి ఎదుగుతుంది కాబట్టి చెవిలో పెట్టే అచ్చు వదులై కీచుమని కూత పెడుతుంది. అప్పుడు పిల్లలు నవ్వుతారు, పాప తీసి సంచిలో వేస్తుంది. పెట్టెలో పడున్న యంత్రాలు మన బళ్ళలో ఎన్నో.

అందుకే రిసోర్స్ టీచర్ మాస్టారికి ఒక నిమిషం పరీక్ష నేర్పింది. లింగ్ అనే నిపుణుడి పేరుతో ప్రపంచమంతా వాడే ఆరు ధ్వనుల పరీక్ష ఇది: మ్, ఊ, ఆ, ఈ, శ్, స్. బొంగురు ధ్వని నుంచి సన్నని ధ్వని దాకా మాటల్లో ఉండే మెట్లన్నీ ఈ ఆరింట్లో వస్తాయి. పొద్దున ప్రార్థన కాగానే పాప వెనక నిలబడి, వరస మార్చి మార్చి, మధ్యలో ఎడం కూడా మార్చి ఒక్కోటి పలకాలి. వినపడినప్పుడల్లా పాప ఒక చింతపిక్క గిన్నెలో వెయ్యాలి, లేదా తిరిగి పలకాలి. నిన్న రెండు మీటర్ల నుంచి అందిన ‘స్’ ఇవాళ అందకపోతే ఏదో మారిందన్నమాట. ముందు యంత్రాన్ని గుప్పిట్లో మూసి చూడాలి. కూత వస్తే బ్యాటరీ బతికే ఉంది, రాకపోతే మార్చాలి. బ్యాటరీ బాగుంటే అచ్చులో గుబిలి చేరిందేమో, చెవి మళ్ళీ కారుతోందేమో చూడాలి. కారుతుంటే ఆ చెవికి యంత్రం పెట్టకుండా డాక్టరు దగ్గరికి పంపాలి.

ఇక రిసోర్స్ టీచర్ పాపతో నేరుగా చేసే పని. వారానికి ఒకటి రెండు గంటలు దొరుకుతాయి. అయిపోయిన పాఠాన్ని మళ్ళీ చెప్పడం ట్యూషన్. ఆమె రాబోయే పాఠాన్ని ముందుగా తెరిచింది. నీళ్ళ గురించిన పాఠం రాబోతోంది. ఊట, చెలమ, ఆవిరి, మడుగు లాంటి ఆరేడు మాటలు ఏరుకుని, బొమ్మతో, రాతతో, పెదవులు చూపిస్తూ నేర్పింది. మర్నాడు తరగతిలో మాస్టారు ‘చెలమ’ అన్నప్పుడు సగం వినపడినా చాలు, పాపకు ముందే తెలిసిన మాట కాబట్టి మిగతా సగం పూరించుకుంటుంది. ముందు చెప్పిన ఆ గంట, వెనక చెప్పే మూడు గంటల పెట్టు.

పాపకొక వ్యక్తిగత విద్యా ప్రణాళిక కూడా రాయాలి. చాలా ఫైళ్ళలో “వినికిడి మెరుగుపరచుట, చదువులో ప్రగతి సాధించుట” అని కనపడుతుంది. అది నెరవేరిందో లేదో ఎవరూ చెప్పలేరు. ఈమె రాసింది ఇలా ఉంది: “మూడు నెలల్లో, నోరు చూడకుండా, ఒక మీటరు దూరం నుంచి చెప్పిన ‘చెయ్యి–చెయ్యకు’ తరహా ఆజ్ఞలను 10లో 8సార్లు సరిగా పాటించాలి.” లెక్కపెట్టవచ్చు. పదిలో అయిదే వస్తే పాపను తిట్టరు, పద్ధతి మారుస్తారు.

ఎక్కడ చెడుతుంది? ముందు, సంఖ్య దగ్గర. 2021 అక్టోబరులో రజనీష్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు ప్రాథమిక తరగతుల్లో వైకల్యమున్న 10 మంది పిల్లలకు, పై తరగతుల్లో 15 మందికి ఒక ప్రత్యేక టీచర్ చొప్పున ఉండాలంది. మండలమంతా ఒకరిద్దరు తిరిగేచోట ఈ లెక్క ఎంత దూరమో చెప్పనక్కర్లేదు. తర్వాత, శిక్షణ దగ్గర. ప్రత్యేక విద్య కోర్సులో ఎక్కువమంది ఒక వైకల్యాన్నే ప్రధానంగా చదువుతారు. బుద్ధి వికాస లోపంలో శిక్షణ పొందిన టీచర్ ముందుకు వినికిడి పాప రావచ్చు, బ్రెయిలీ కావలసిన బాబు రావచ్చు. తనకు రానిది రాదని ఒప్పుకుని, సికింద్రాబాదులోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం లాంటి చోటికి పంపే టీచరే నయం.

మూడోది బయటికి కనపడదు. రిసోర్స్ టీచర్ వచ్చిందంటే మాస్టారు “మీ పాప వచ్చింది తీసుకెళ్ళండి మేడమ్” అంటారు. గంటసేపు వరండాలో చదువు. అదే గంట తరగతిలో తెలుగు పాఠం అయిపోతుంది. మంచి మనసుతో చేసే ఈ పనివల్ల పాప ఒకే బడిలో రెండుసార్లు గైర్హాజరు. తల్లిదండ్రులు దీన్ని కనిపెట్టవచ్చు: టీచర్ వచ్చి వెళ్ళిన రోజు సాయంత్రం “ఇవాళ మాస్టారు తరగతిలో ఏం చెప్పారు?” అని అడిగితే చాలు.

ఏడాది చివర రిసోర్స్ టీచర్ ఒక పేజీ రాసి హెడ్‌మాస్టరుకిచ్చింది. జూన్‌లో అయిదో తరగతికి ఏ టీచర్ వస్తారో తెలియదు కదా. పాప ఎక్కడ కూర్చోవాలి, బ్యాటరీ ఏ సైజు, పక్క బల్ల మీద ఏ స్నేహితురాలు పేజీ నంబరు వేలితో చూపిస్తుంది, ఇలా పది లైన్లు. మొదటి లైను ఇది: “‘చెయ్యకండి’ అన్నప్పుడు చెయ్యి కూడా అడ్డంగా ఊపండి సార్.”