ఓవెన్ 180 దగ్గర ఎందుకు ఆగలేదు?

పౌడర్ కోటింగ్ వేసిన తెల్ల రేకు ముక్కలను 180 డిగ్రీల దగ్గర కాల్చే చిన్న కరెంటు ఓవెన్ ఒకటి ఉందనుకుందాం. గదిలో వేడి 30 డిగ్రీలు. హీటర్ ఎంత పనిచేసినా 2,000 వాట్లకు మించి ఇవ్వలేదు. ఓవెన్‌ను గదికన్నా ఒక్కో డిగ్రీ ఎక్కువ వేడిలో నిలబెట్టడానికి 10 వాట్లు పోతాయి. కాబట్టి 180 దగ్గర నిలవాలంటే 1,500 వాట్లు ఆగకుండా అందుతూనే ఉండాలి.

కంట్రోలర్‌కు మొదట ఒకే నియమం పెడదాం: వేడి ఎన్ని డిగ్రీలు తక్కువుంటే, డిగ్రీకి 50 వాట్ల చొప్పున ఇవ్వాలి. దీన్ని ప్రొపోర్షనల్ నియంత్రణ అంటారు. ఈ నియమంతో ఓవెన్ 155 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. అక్కడ కొరత 25 డిగ్రీలు, దానికి వచ్చేది 1,250 వాట్లు. 155 దగ్గర బయటికి పోయే వేడి కూడా సరిగ్గా అంతే. రాత్రంతా వదిలేసినా ముల్లు కదలదు. కొరత పూర్తిగా తీరితే వాట్లూ సున్నా అవుతాయి కనుక, ఈ నియమం బతకడానికి కొంత కొరత మిగిలి తీరాలి. 50ని 100 చేస్తే కొరత దాదాపు 14 డిగ్రీలకు తగ్గుతుందే తప్ప పోదు. ఇంకా పెంచుకుంటూ పోతే నిజం ఓవెన్‌లో వేడి పైకీ కిందికీ ఊగడం మొదలవుతుంది.

అందుకే ఇంటెగ్రల్ భాగాన్ని చేరుస్తారు. ఓడల స్టీరింగ్ మీద నికొలాస్ మినోర్‌స్కీ 1922లో ప్రచురించిన విశ్లేషణలో కూడా ఇది ఉంది. ఇంటెగ్రల్ ఒక ఖాతా పుస్తకం లాంటిది. ప్రతి క్షణం ఉన్న కొరతను మొత్తానికి కలుపుతూ పోతుంది. మన ఓవెన్‌లో ఒక డిగ్రీ కొరత ఒక నిమిషం ఉంటే ఖాతాలో 5 వాట్లు పెరుగుతాయి. కొరత ఏ కొంచెం ఉన్నా మొత్తం పెరుగుతూనే ఉంటుంది కాబట్టి, అది నిలకడగా ఉండేది కొరత సున్నా అయినప్పుడే. అప్పటికి ఖాతాలో పోగైన 1,500 వాట్లే ఓవెన్‌ను 180 దగ్గర నిలుపుతాయి.

చిక్కు వచ్చేది చల్లని ఓవెన్‌ను ఆన్ చేసినప్పుడు. కొరత 150 డిగ్రీలు. కంట్రోలర్ 7,500 వాట్లు అడుగుతుంది, హీటర్ ఇచ్చేది 2,000. ఇదే శాచురేషన్. పూర్తి వేడి మీద 180 చేరడానికి ఈ ఓవెన్‌కు సుమారు 28 నిమిషాలు పడుతుంది. ఆ 28 నిమిషాలూ ఖాతా నిండుతూనే ఉంటుంది. ముల్లు 180ని తాకే వేళకు అందులో దాదాపు 8,000 వాట్లు ఉంటాయి. కావలసింది 1,500 మాత్రమే.

ఆ మిగులు కరగాలంటే వేడి 180 దాటి కొరత రుణాత్మకం కావాలి. వేరే దారి లేదు. లెక్క వేస్తే హీటర్ ఇంకో అరగంటకు పైగా పూర్తి వేడి మీదే ఉంటుంది, ఓవెన్ 220 దాకా వెళుతుంది. తెల్ల పెయింటు పసుపెక్కడానికి ఆ వేడి చాలు. మొత్తం కుదుటపడడానికి గంటన్నర. ఇదే వైండప్. గుర్తుపట్టడమూ కష్టం కాదు: వేడి సెట్ పాయింట్ దాటిపోయినా డిస్‌ప్లేలో అవుట్‌పుట్ 100 శాతం దగ్గరే అతుక్కుపోయి ఉంటుంది.

విరుగుడు పేరు యాంటీ వైండప్. సులువైన పద్ధతిలో, అవుట్‌పుట్ గరిష్ఠానికి చేరి కొరత ఇంకా అదే వైపు నెడుతుంటే ఖాతాలో రాయడం ఆపేస్తారు. మన ఓవెన్‌లో 140 డిగ్రీల వరకు ఖాతా సున్నాలోనే ఉంటుంది. అక్కడ కొరత 40, అడిగేది సరిగ్గా 2,000. ఆ తర్వాతే రాత మొదలవుతుంది. దాదాపు 40 నిమిషాల్లో ఓవెన్ 180కి ఒక డిగ్రీ లోపు చేరి కుదురుకుంటుంది, పైకి దూకదు. అయితే ఎదురు దిక్కు రాతను మాత్రం ఎప్పుడూ ఆపకూడదు. ఆపితే ఇప్పటికే నిండిన ఖాతా ఖాళీ అయ్యే దారి మూసుకుపోతుంది.

రెండో పద్ధతి బ్యాక్ కాల్క్యులేషన్. అడిగినదానికీ హీటర్ నిజంగా ఇచ్చినదానికీ ఉన్న తేడాను ఖాతాలోంచి క్రమంగా తీసేస్తారు. శాచురేషన్ లేనప్పుడు తేడా సున్నా, కాబట్టి మామూలు పనికి అడ్డు రాదు. ఎంత వేగంగా తీయాలన్నది ఇంజనీరు ఎంచుకోవాలి. మరీ వేగంగా తీస్తే సెన్సర్‌లో వచ్చే ఒక్క చిన్న కుదుపు ఖాతాను అకారణంగా తుడిచేస్తుంది.

ఈ రెండింటికీ అసలు హద్దు ఎక్కడుందో తెలియాలి. ఆవిరి వాల్వు 70 శాతం దగ్గరే బిగుసుకుపోతుంటే, కంట్రోలర్‌లో మాత్రం 100 అని రాసి ఉంటే, ఆ మధ్య 30 శాతంలో వైండప్ యథాప్రకారం జరుగుతుంది. కొత్త కంట్రోలర్ బిగించినప్పుడు ట్యూనింగ్ జోలికి పోయేముందు, అవుట్‌పుట్ పరిమితిగా ఉన్న అంకె, మీ హీటరో వాల్వో నిజంగా చేయగలిగినదానితో సరిపోతుందో లేదో చూసుకోండి.