గజ్జల్లో బిళ్ల కడితే పాదం చూడాలి

వరినాట్ల రోజుల్లో గంటల తరబడి బురదలో నిలబడేవారికి కాలివేళ్ల సందులు పాచిపోతుంటాయి. ఆ పుండులోంచి సూక్ష్మజీవులు లోపలికి వెళ్తే జ్వరం వస్తుంది, గజ్జల్లో బిళ్ల కడుతుంది. నొప్పి అక్కడ ఉంది కదా అని కాపడం కూడా అక్కడే పెడతారు. అనుభవమున్న డాక్టరు మాత్రం ముందు చెప్పులు విప్పించి, వేళ్లు విడదీసి చూస్తారు.

ఆ బిళ్ల ఒక లింఫ్ గ్రంథి. కణాల మధ్య మిగిలిపోయిన ద్రవం సన్నని లింఫ్ నాళాల్లో పైకి వస్తూ ఈ గ్రంథుల్లో వడపడుతుంది. సూక్ష్మజీవులు చేరినప్పుడు తెల్లరక్తకణాలు అక్కడే పెరగడంతో గ్రంథి ఉబ్బుతుంది.

గజ్జల్లో చర్మం కిందే ఉండే ఈ గ్రంథులు రెండు వరసల్లో ఉంటాయి. తొడ మడత వెంబడి అడ్డంగా ఒక వరస, దాని కింద తొడ మీద నిలువుగా మరొకటి. నిలువు వరసకు ముఖ్యంగా కాలి నుంచి ద్రవం వస్తుంది. అడ్డ వరసకు బొడ్డు కింది పొట్ట చర్మం, పిరుదులు, బయటి జననాంగాలు, మలద్వారం అంచుల నుంచి చేరుతుంది. అందుకే కాలికి ఏ దెబ్బా కనిపించకపోతే వెతుకులాట ఈ చోట్లకు మళ్లాలి. చాలామంది సిగ్గుపడి చెప్పని పుండు అక్కడే ఉండవచ్చు.

చిటికెనవేలి వైపు, మడమ వెనక తగిలిన గాయం తీరు కాస్త వేరు. అక్కడి ద్రవం తరచుగా ముందు మోకాలి వెనక గ్రంథులకు వెళ్లి, ఆ తర్వాతే గజ్జలకు చేరుతుంది.

కోస్తా జిల్లాల్లో బోదకాలు ఎరిగినవారికి మరో తేడా తెలిసే ఉంటుంది. మామూలు పుండు వల్ల వచ్చే ఎర్రచార పాదం నుంచి గజ్జల వైపు పాకుతుంది. లింఫ్ నాళంలో ఫైలేరియా పురుగు చచ్చినప్పుడు మాత్రం వాపూ ఎరుపూ పైనుంచి కిందికి దిగుతాయి.

వృషణాల సంగతి అందరూ గుర్తుంచుకోవాలి. వాటిని కప్పే సంచి చర్మం ద్రవం గజ్జలకే వస్తుంది కానీ వృషణాలది రాదు. గర్భంలో అవి మూత్రపిండాల దగ్గర పుట్టి కిందికి దిగాయి, లింఫ్ నాళాలు మాత్రం పాత దారినే పట్టుకుని కడుపులో వెన్నెముక ముందున్న గ్రంథులకు వెళ్తాయి. కాబట్టి వృషణంలో గట్టిగా గడ్డ తగిలినప్పుడు గజ్జల్లో ఏమీ లేదని ఊరుకోకూడదు.

చెప్పుల్లేకుండా తిరిగేవారి గజ్జల్లో చిన్నగా, మెత్తగా, వేలితో కదిపితే జారే బిళ్లలు మామూలే. దగ్గితే ఉబ్బి, పడుకుంటే లోపలికి పోయేది హెర్నియా కావచ్చు. నొప్పి లేకుండా గట్టిగా ఉండి, కదలక, వారాల తరబడి పెరిగే బిళ్లకు మాత్రం సూది పరీక్ష అవసరం. అప్పుడు అరికాలిలో నల్లమచ్చ ఏదైనా కొత్తగా పెరుగుతోందేమో కూడా చూడాలి. అది చర్మ క్యాన్సర్ అయితే మొదట చేరేది గజ్జల్లోకే.