అమరావతి శిల్పానికి చిరునామా

అమరావతి స్తూపం గురించి వచ్చే పుస్తకాల్లో, వ్యాసాల్లో బొమ్మల కింద "మెకంజీ సేకరణ నుంచి" అనో, "లండన్ మ్యూజియంలో ఉంది" అనో రాసి వదిలేస్తుంటారు. అంతమాత్రం ఆధారంతో ఆ బొమ్మ అసలు ప్రతిని ఎవరూ వెతికి పట్టుకోలేరు. ఏ సంస్థలో ఉంది, అక్కడ ఏ సేకరణలో ఉంది, దాని నంబరేమిటి, అందులో ఎన్నో ఆకు, ఏ వైపు? ఇవన్నీ ఉంటేనే అది చిరునామా.

కల్నల్ కాలిన్ మెకంజీ 1798లో అమరావతి చూశాడు. మళ్లీ 1816లో వచ్చి తన సిబ్బందితో శిల్పాలకు కొలతలు తీసి బొమ్మలు గీయించాడు. ఆ బొమ్మల ఆల్బమ్ ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో WD1061 అనే నంబరుతో ఉంది. ఒక్కో బొమ్మకు ఆకు సంఖ్య వేరు. కాబట్టి నంబరు తర్వాత ఆకు సంఖ్య కూడా రాయాలి, లేకపోతే చదివేవాళ్లు ఆల్బమ్ అంతా తిరగేయాల్సిందే. స్తూపం ప్లాను కూడా ఈ ఆల్బమ్‌లోనే ఉంది. అది పటమే కదా అని పటాల జాబితాలో వెతికితే దొరకదు. వస్తువు ఏ తరహాదైనా సరే, చిరునామాలో ఉండాల్సింది దాన్ని చేర్చిన వరుస పేరే. మెకంజీ నిలువెత్తు చిత్రాన్ని 1816లో థామస్ హికీ వేశాడు. అదీ బ్రిటిష్ లైబ్రరీదే. కానీ దాని నంబరు Foster 13. ఇండియా ఆఫీసు చిత్రాలకు విలియం ఫోస్టర్ వేసిన జాబితా నుంచి వచ్చిన నంబరది. మెకంజీ బొమ్మే కదా అని మెకంజీ సేకరణ పేరు తగిలిస్తే తప్పే.

పాత పుస్తకాల్లో ఈ ఆల్బమ్ "ఇండియా ఆఫీస్ లైబ్రరీ"లో ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ గ్రంథాలయం 1982లో బ్రిటిష్ లైబ్రరీలో కలిసిపోయింది. సంస్థ పేరు మారినా నంబరు మారలేదు కనుక పాత ప్రస్తావన పట్టుకుని కూడా ఆల్బమ్‌ను చేరుకోగలం. ఆ నంబరే లేకపోతే పాత పేరు ఒక్కటీ ఎందుకూ పనికిరాదు.

ఇక అసలు రాళ్లు. వాటిలో కొన్ని చెన్నై మ్యూజియంలో ఉన్నాయి, కొన్ని బ్రిటిష్ మ్యూజియంలో. బ్రిటిష్ మ్యూజియం, బ్రిటిష్ లైబ్రరీ ఇప్పుడు వేర్వేరు సంస్థలు. ఒకదాని పేరు రాయబోయి రెండోది రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. స్తూపాన్ని చెక్కిన ప్రసిద్ధమైన పలక ఒకటుంది. దాని మ్యూజియం నంబరు 1880,0709.79. ఈ అంకెల్ని చదవడం తేలికే. 1880 అన్నది సంవత్సరం, 0709 అంటే జులై 9, అది రిజిస్టరులో ఎక్కిన తేదీ. ఆ రోజు ఎక్కినవాటిలో ఇది 79వది. రాబర్ట్ నాక్స్ 1992లో ప్రచురించిన కేటలాగులో ఇవే శిల్పాలకు వేరే వరుస నంబర్లున్నాయి. అందుకని "79" అని ఊరికే రాస్తే అది మ్యూజియం నంబరో, కేటలాగు నంబరో తెలియదు. మొత్తం నంబరు రాసి, కేటలాగు సంఖ్యను దాని పేరుతో సహా పక్కన చేర్చాలి.

ఈ పలకకు రెండు వైపులా శిల్పముంది. ఒక వైపు క్రీస్తు పూర్వపు పని, బోధివృక్షం కింద ఖాళీ ఆసనం. తర్వాత కొన్ని శతాబ్దాలకు అదే రాయిని తిప్పి రెండో వైపు స్తూపం చెక్కారు. నంబరు ఒకటే, బొమ్మలు రెండు, కాలాలు రెండు. ఏ వైపో రాయని జాబితాను నమ్మి ఒక వైపు కాలాన్ని రెండో వైపుకు అంటగట్టే ప్రమాదముంది.

తాళపత్రాల దగ్గర చిక్కు ఇంకో రకం. మెకంజీ సేకరణలోని దక్షిణాది భాషల ప్రతుల్లో చాలాభాగం మద్రాసుకు చేరింది. అవి ఇప్పుడు చెన్నై ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. అక్కడ డి. నంబర్లు, ఆర్. నంబర్లు అని వేర్వేరు వరుసలున్నాయి. మొదటివి వివరణాత్మక కేటలాగువి, రెండోవి మూడేళ్లకోసారి వేసిన కేటలాగులవి. ఆ అక్షరం వదిలేసి అంకె మాత్రం రాస్తే, తెప్పించుకున్న కట్ట మరేదో అవుతుంది. పైగా ఒకే కట్టలో రెండు మూడు గ్రంథాలు ఉండొచ్చు. అందుకే కేటలాగులో గ్రంథం ఏ ఆకు మీద మొదలవుతుందో కూడా రాస్తారు. ఆకు ముందు వైపును a అని, వెనక వైపును b అని గుర్తిస్తారు. కట్ట చేతికి రాగానే కేటలాగులో ఇచ్చిన మొదటి వాక్యాన్నీ చివరి వాక్యాన్నీ ఆకుల మీద పోల్చి చూసుకోవాలి. రెండూ కలిస్తే అదే ప్రతి. కలవకపోతే నంబరును మళ్లీ సరిచూడాలి.

మీ ఊరి కైఫీయతును పుస్తకంలో వేస్తుంటే సంస్థ, సేకరణ, సంపుటం నంబరు, పుటలు నాలుగూ రాయండి. అసలు ప్రతిని చూడకుండా అచ్చు పుస్తకం నుంచి తీసుకుంటే ఆ మాటా రాయండి.