ముందే లోను కట్టేద్దామా, మదుపు చేద్దామా?

మా పిన్ని కూతురు, ఆమె భర్త మూడేళ్ల కిందట మియాపూర్‌లో ఫ్లాటు కొన్నారు. 20 ఏళ్ల కాలానికి 40 లక్షల గృహరుణం తీసుకున్నారు. వడ్డీ 8.5 శాతం, నెల వాయిదా 34,713 రూపాయలు. మూడేళ్లు కట్టాక అసలు ఇంకా 37 లక్షల 39 వేలు మిగిలే ఉంది. ఇటీవల చెల్లెలి చిట్టీ పూర్తయి 5 లక్షలు చేతికొచ్చాయి. దాంతో ఇంట్లో చర్చ మొదలైంది.

"తలమీద అప్పుంటే నాకు నిద్ర పట్టదు అన్నయ్యా, ఇది లోనుకు కట్టేస్తాను" అంది ఆమె. "తొందరపడకు. మా ఆఫీసులో అందరూ మ్యూచువల్ ఫండ్‌లో పెడుతున్నారు. పైగా లోను తీర్చేస్తే పన్ను మినహాయింపు పోతుంది కదా" అన్నాడు అతను. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. ఎవరి మాట ఎంత నిజమో తేలాలంటే ప్రతి దారిలోనూ పన్ను పోగా చేతిలో ఎంత మిగులుతుందో లెక్కవేయాలి. ముగ్గురం కాగితం ముందేసుకుని కూర్చున్నాం.

ముందుగా పన్ను మినహాయింపు సంగతి చూశాం. సొంతంగా కాపురముంటున్న ఇంటి రుణంపై వడ్డీకి మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది, కొత్త విధానంలో లేదు. వీళ్లిద్దరూ కొత్త విధానంలోనే ఉన్నారు. అంటే లోను తీర్చినందువల్ల వాళ్లకు పోయే మినహాయింపు ఏదీ లేదు. వాళ్లు కట్టే 8.5 శాతం పూర్తిగా వాళ్ల జేబులోంచి పోతున్నదే.

పాత విధానంలో ఉన్నవాళ్లు కూడా ఇక్కడ ఒకచోట పొరబడుతుంటారు. మినహాయింపు ఏడాదికి 2 లక్షల వరకే. వీళ్ల లోనుపై ఈ ఏడాది పడే వడ్డీ సుమారు 3 లక్షల 14 వేలు. 5 లక్షలు ముందే కట్టేస్తే అది 2 లక్షల 70 వేలకు దిగుతుంది. రుణం ఒక్కరి పేరునే ఉందనుకుంటే, తగ్గాక కూడా వడ్డీ 2 లక్షల పైనే ఉంది కాబట్టి మినహాయింపు ఒక్క రూపాయి కూడా తగ్గదు. భార్యాభర్తలిద్దరూ ఇంటి యజమానులుగా, రుణగ్రహీతలుగా ఉండి, పాత విధానంలో చెరో 2 లక్షల వరకు చూపించుకుంటున్నప్పుడే లెక్క మారుతుంది. ఇద్దరూ 30 శాతం శ్లాబులో ఉంటే, సెస్సుతో కలిపి 31.2 శాతం పన్ను మిగులుతుంది కాబట్టి 8.5 శాతం రుణం వాళ్లకు నిజంగా 5.85 శాతానికే పడుతుంది. అలాంటి ఇంట్లో అప్పు తీర్చడానికి తొందర అక్కర్లేదు.

ఇక ఫిక్స్‌డ్ డిపాజిట్. బ్యాంకు 7 శాతం ఇస్తానంది. అయితే ఆ వడ్డీ జీతంతో కలిసి శ్లాబు ప్రకారం పన్నుకు లోనవుతుంది. మా చెల్లెలిది 20 శాతం శ్లాబు, సెస్సుతో 20.8 శాతం. పన్ను పోగా 7 శాతంలో మిగిలేది 5.54 శాతం. ఒకచేత్తో 8.5 శాతానికి అప్పు మోస్తూ, రెండో చేత్తో అదే డబ్బును 5.54 శాతానికి బ్యాంకుకు ఇవ్వడమంటే ఏడాదికి లక్షకు దాదాపు 3 వేల రూపాయలు వదులుకోవడమే. పన్ను లేని పీపీఎఫ్ 7.1 శాతం కూడా 8.5 కంటే తక్కువే, పైగా 15 ఏళ్ల గడువు. నష్టభయం లేని దారుల్లో లోను తీర్చడమే గెలిచింది.

అసలు పోటీ ఈక్విటీ ఫండ్‌తోనే. ఇక్కడ కొంచెం ఓపికగా లెక్కవేశాం. ఇప్పుడు 5 లక్షలు కట్టి, నెల వాయిదా అలాగే ఉంచితే, పదేళ్ల తర్వాత లోను 10 లక్షల 26 వేలు మిగులుతుంది. కట్టకపోతే 21 లక్షల 92 వేలు మిగులుతుంది. తేడా 11 లక్షల 66 వేలు. కాబట్టి ఫండ్‌లో పెట్టిన 5 లక్షలు పదేళ్లకు పన్ను పోగా 11 లక్షల 66 వేలు దాటితేనే అతని మాట నెగ్గినట్టు.

ఏడాది దాటాక అమ్మిన ఈక్విటీ ఫండ్ లాభంలో ఏటా లక్షా 25 వేల వరకు పన్ను లేదు. ఆపైన 12.5 శాతం, సెస్సుతో 13 శాతం. ఈ పన్ను తీసేసి వెనక్కి లెక్కిస్తే, ఫండ్ పదేళ్లపాటు సగటున ఏటా 9.6 శాతం పెరిగితే రెండు దారులూ సమానం. 12 శాతం పెరిగితే పన్ను పోగా 14 లక్షల 32 వేలు, అంటే లోను దారి కంటే 2 లక్షల 66 వేలు ఎక్కువ. 7 శాతమే పెరిగితే 9 లక్షల 37 వేలు, అంటే 2 లక్షల 29 వేలు తక్కువ. ఈ రెండింటిలో ఏది జరుగుతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. లోను తీర్చడంలో వచ్చే లాభం మాత్రం, వడ్డీ రేటు మారనంతకాలం, ఖాయం. రెపో రేటుతో ముడిపడ్డ రుణమైతే రేటు తగ్గినప్పుడు ఆ ఖాయమైన లాభమూ తగ్గుతుంది కాబట్టి, రేటు మారినప్పుడల్లా లెక్క మళ్లీ చూసుకోవాలి.

"మరి నేను అనుకున్నది తప్పా?" అన్నాడు అతను. తప్పు కాదు. పదేళ్లు డబ్బు కదపకుండా, మార్కెట్ పడినప్పుడు భయపడి అమ్మేయకుండా ఉండగలిగిన మనిషికి అది సరైన దారే. వాళ్లకు ఇప్పటికే నెలకు 10 వేల సిప్ నడుస్తోంది. ఆరు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు విడిగా ఉంది. ఈ రెండూ ఉన్నాయి కాబట్టే నేను చెల్లెలి వైపు మొగ్గాను. అత్యవసర నిధి లేకపోతే ఈ 5 లక్షలు లోనుకు కట్టమని చెప్పేవాణ్ణి కాదు. మామూలు గృహరుణానికి ఒకసారి కట్టేసిన డబ్బు ఆస్పత్రి అవసరం వచ్చినా తిరిగి రాదు. ఓవర్‌డ్రాఫ్ట్ తరహా రుణంలోనే ఆ వెసులుబాటు ఉంటుంది.

చివరగా బ్యాంకులో అడగాల్సిన మాటలు చెప్పాను. వ్యక్తులకిచ్చిన, వడ్డీ మారుతూ ఉండే గృహరుణాన్ని ముందే కడితే జరిమానా వేయకూడదు. వడ్డీ స్థిరంగా ఉండే రుణమైతే మాత్రం ఒప్పందం చదువుకోవాలి. రెండోది, కట్టిన డబ్బుకు వాయిదా తగ్గించాలా, కాలం తగ్గించాలా అన్నది రాతపూర్వకంగా చెప్పాలి. వీళ్ల లెక్కలో కాలం తగ్గిస్తే 204 వాయిదాలు 154 అవుతాయి, వడ్డీ దాదాపు 12 లక్షల 60 వేలు ఆదా. వాయిదా తగ్గిస్తే నెలకు 4,641 రూపాయలు మిగులుతాయి కానీ, మొత్తం వడ్డీ ఆదా 4 లక్షల 47 వేలే. వడ్డీ రేటు రెండింట్లోనూ ఒకటే. నెలనెలా మిగిలిన ఆ డబ్బును ఇంటి ఖర్చులో కలిపేస్తామా, దాస్తామా అన్నదే ఈ తేడాకు కారణం.

చెల్లెలు కాలం తగ్గించమనే రాసిచ్చింది. సిప్ ఆపలేదు. బ్యాంకు ఇచ్చిన కొత్త వాయిదాల పట్టికలో ఆఖరి వాయిదా నాలుగేళ్ల రెండు నెలలు ముందుకు జరిగింది. మీరూ లోను కట్టాలనుకుంటే ముందు మూడు అంకెలు కాగితం మీద రాసుకోండి: మీ రుణ వడ్డీ, పన్ను మినహాయింపు పోగా దాని అసలు భారం, మీ మదుపుపై పన్ను పోగా మిగిలేది. ఆ కాగితం చూశాకే చెక్కు రాయండి.