గడ్డం దగ్గర ముఖం ఎందుకు సాగుతుంది?

ఒకరి ముఖం మెల్లగా మరొకరి ముఖంగా మారిపోయే వీడియోల్లో కళ్లు, ముక్కు, నోరు చక్కగా ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. చూపు గడ్డం దాకా దిగితే మాత్రం చర్మాన్ని ఎవరో కిందికి లాగి పట్టుకున్నట్టు ఉంటుంది. రెండు రోజులుగా గీయని గడ్డమైతే చుక్కల్లా కనిపించాల్సిన వెంట్రుక మొదళ్లు నిలువు గీతలైపోతాయి. ఆ గీతలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలియాలంటే ముందు ఆ మార్పు ఎలా జరుగుతుందో చూడాలి.

రెండు ముఖాల మీదా ఒకే వరుసలో గుర్తు బిందువులు పెడతారు. బాగా వాడుకలో ఉన్న పద్ధతిలో ఇవి 68. సున్నా నుంచి లెక్కపెడితే 0 నుంచి 16 దాకా దవడ అంచు వెంట ఒక చెవి నుంచి రెండో చెవి వరకు ఉంటాయి. 8వది సరిగ్గా గడ్డం కొన. 57వది కింది పెదవి దిగువ అంచు మధ్యలో ఉంటుంది. ఈ బిందువులను కలిపి ముఖాన్నంతా త్రిభుజాలుగా విడగొడతారు. మొదటి ముఖంలోని ప్రతి త్రిభుజాన్నీ రెండో ముఖంలోని దాని జోడీగా మార్చేస్తే ముఖం మొత్తం మారిపోతుంది. 1998లో టిమ్ కూట్స్, గారెత్ ఎడ్వర్డ్స్, క్రిస్ టేలర్ ముఖాల రూపురేఖలకు గణిత నమూనా కట్టినప్పుడు కూడా ముఖాలన్నిటినీ ఒకే ఆకారంలోకి తెచ్చాకే చర్మపు రంగులను పోల్చారు.

త్రిభుజాన్నే ఎందుకు ఎంచుకున్నారంటే, అఫైన్ రూపాంతరాన్ని నిర్ణయించడానికి ఆరు సంఖ్యలు కావాలి. మూడు మూలలు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లాలో చెబితే సరిగ్గా ఆరు సమీకరణాలు వస్తాయి, జవాబు ఒక్కటే ఉంటుంది. ఈ రూపాంతరంలో సరళరేఖ సరళరేఖగానే మిగులుతుంది. పక్కపక్కనున్న రెండు త్రిభుజాలకు ఉమ్మడి భుజం మీది ప్రతి చుక్కా ఎటు కదలాలో ఆ భుజం రెండు చివరలే తేలుస్తాయి కాబట్టి ఎక్కడా చీలిక రాదు. అయితే చర్మం ఎంత సాగాలన్నది ఒక్కో త్రిభుజానికి ఒక్కోలా ఉంటుంది. భుజం దాటగానే ఆ కొలత ఒక్కసారిగా మారిపోతుంది. నున్నటి చర్మం మీద ఈ మార్పు కంటికి ఆనదు, వెంట్రుకలూ ముడతలూ ఉన్నచోట మాత్రం సన్నని గీతలా బయటపడుతుంది.

ఏ బిందువును దేనితో కలపాలన్న దానికి 1934లో రష్యన్ గణితవేత్త బోరిస్ డెలోనే చెప్పిన నియమం వాడతారు. ఏ త్రిభుజం మూడు మూలల గుండా వృత్తం గీసినా, ఆ వృత్తం లోపల మరో బిందువు ఉండకూడదు. దీనివల్ల సూదుల్లాంటి సన్నని త్రిభుజాలు వీలైనంత తగ్గుతాయి. కళ్ల చుట్టూ, నోటి చుట్టూ బిందువులు దగ్గరదగ్గరగా ఉంటాయి కనుక అక్కడ పని సాఫీగా సాగిపోతుంది. గడ్డం పరిస్థితి వేరు. 57కూ 8కీ మధ్య ఒక్క గుర్తూ లేదు. 8 కింద అసలేమీ లేదు.

అంకెల్లో చూద్దాం. మొదటి ఫొటోలో కింది పెదవి (100, 160) దగ్గర, గడ్డం కొన (100, 200) దగ్గర ఉన్నాయనుకోండి. y విలువ కిందికి పోయేకొద్దీ పెరుగుతుంది. రెండో మనిషి గడ్డం పొడుగు, పెదవి అక్కడే ఉన్నా కొన (100, 220) దగ్గరుంది. నలభై పిక్సెళ్ల చర్మం అరవై కావాలి, అంటే నిలువునా 1.5 రెట్లు సాగాలి. మొదటి చిత్రంలో ఒక గుండ్రని పుట్టుమచ్చ ఉంటే అది ఒకటిన్నర రెట్లు పొడవైన అండాకారం అవుతుంది. నిలువు గీతలైన వెంట్రుకల సంగతీ ఇదే. ఈ సాగుడు మొత్తాన్ని పోగొట్టే మంత్రం లేదు, గడ్డం నిజంగానే పొడుగు కదా. భారాన్ని పంచగలం అంతే. రెండు చిత్రాలనూ నడిమి ఆకారానికి తెస్తే ఒకటి 40 నుంచి 50కి సాగుతుంది, రెండోది 60 నుంచి 50కి కుదించుకుంటుంది. 1.5 ఉన్నది 1.25కి దిగుతుంది.

అంతకు ముందే చేయాల్సిన పని ఇంకోటుంది. చాలామంది రెండు ముఖాలనూ కళ్ల ఆధారంగా మాత్రమే ఒకదానిమీద ఒకటి అమరుస్తారు. అలా చేస్తే పరిమాణంలో, వాలులో ఉన్న తేడా అంతా కళ్లకు అన్నిటికంటే దూరంగా ఉన్న గడ్డం నెత్తిన పడుతుంది. రెండు ముఖాల్లోని 68 జతల బిందువుల మధ్య తేడాలన్నీ కలిపి కనిష్ఠమయ్యేలా తిప్పి, జరిపి, పెద్దచిన్న చేసి అమర్చుకుంటే సగం గొడవ అక్కడే తగ్గుతుంది.

సాగడం కన్నా ఘోరమైనది మడత పడటం. కోసుగా ఉన్న ముఖంలో దవడ అంచు చెంప నుంచి గడ్డానికి వచ్చేటప్పుడు కాస్త లోపలికి వంగుతుంది. 5, 6, 7 బిందువులు వరసగా (52, 170), (66, 180), (84, 197) అనుకుందాం. 5నూ 7నూ కలిపే గీతకు 6 కొంచెం లోపలుంది. ముఖం మీది బిందువులు తప్ప మరేవీ లేకపోతే, ఆ చిన్న సందును డెలోనే నియమం ఒక పలచని త్రిభుజంతో పూడుస్తుంది. అది ముఖం మీది త్రిభుజం కాదు, మెడ మీదిది. ఎత్తు పిక్సెలున్నర కూడా లేదు. గుండ్రటి ముఖంలో ఇదే 6వ బిందువు (66, 186)కి, అంటే గీత అవతలికి వెళుతుంది. గుర్తుతో సహా లెక్కిస్తే త్రిభుజ వైశాల్యానికి రెట్టింపు మొదట −58, తర్వాత 134. గుర్తు మారిందంటే త్రిభుజం తిరగబడిందన్నమాట. చుట్టూ ఉన్న త్రిభుజాల మీదికి ఎక్కి, మెడ రంగును దవడ మీద అతికిస్తుంది. త్రిభుజాల వల ఏ ఒక్క ముఖం మీదో కాకుండా రెండింటి సగటు బిందువుల మీద అల్లితే ఇక్కడ 6 సగటున (66, 183) అవుతుంది, గీతకు వెలుపలే ఉంటుంది, ఆ పలచని త్రిభుజం పుట్టదు.

మిగిలింది మెడ. కొందరు ఫొటో నాలుగు మూలలకూ బిందువులు పెట్టి ఊరుకుంటారు. అప్పుడు దవడ నుంచి ఫొటో అంచు దాకా పొడవాటి త్రిభుజాలు ఏర్పడి, గడ్డం కదిలినప్పుడల్లా కాలరూ భుజాలూ కూడా కదులుతాయి. దవడకు కొంత దూరంలో, దానికి సమాంతరంగా, కదలని బిందువులు ఒక వరస పెట్టడం మేలు. ఎంత దూరమన్నదే అసలు ప్రశ్న. గడ్డం 20 పిక్సెళ్లు దిగుతుంటే, వరస 30 దూరంలో ఉంటే మధ్యనున్న 30 పిక్సెళ్ల మెడ 10లోకి నలిగిపోతుంది. 80 దూరంలో ఉంటే 60 అవుతుంది, అది కంటికి అంతగా తెలియదు. అందుకే గడ్డం కదలికకు కనీసం నాలుగు రెట్ల దూరం ఉంచమంటాను. మెడ పొట్టిదై అంత చోటు లేకపోతే గడ్డం కదలికనే తగ్గించాలి. ఆ చోటులోనే మధ్యలో ఇంకో వరసను సగం కదిలేలా పెడితే త్రిభుజాలు మరీ పొడవు కాకుండా ఉంటాయి.

ఫలితాన్ని కంటితో మాత్రమే చూస్తే చాలదు, ముఖం మీద చూపు నిలిచేది కళ్ల దగ్గరే. ఫొటో బదులు చదరంగపు గళ్ల చిత్రాన్ని అదే వలతో మార్చి చూడండి, గడ్డం కింద గళ్లు ఎక్కడ బద్దల్లా సాగాయో వెంటనే దొరుకుతుంది. ప్రతి త్రిభుజంలో ఒక వృత్తం గీస్తే అది ఎంత పొడుగు అండాకారమవుతుందో లెక్కించనూవచ్చు. పొడవు వెడల్పుల నిష్పత్తి 1.5 దాటిన ప్రతి చోటునూ నేను పెద్దది చేసి చూస్తాను. వైశాల్యం గుర్తు మారిన త్రిభుజం ఒక్కటి కనిపించినా వలను మళ్లీ అల్లాల్సిందే.

తల ఒక పక్కకు తిరిగి ఉన్న ఫొటోకు ఇవేవీ పనిచేయవు. కంటి మూల చర్మం మీద ఒక నిర్దిష్టమైన చోటు, తల ఎటు తిప్పినా అది అదే. దవడ అంచు అలాంటిది కాదు. కెమెరాకు ముఖం ఎక్కడ కనుమరుగవుతుందో అక్కడే అది అంచు. తల తిరిగితే 4వ బిందువు కింద ఉన్న చర్మమే మారిపోతుంది. అలాంటప్పుడు త్రిభుజం వేరువేరు చర్మపు ముక్కలను ఒకటే అనుకుని సాగదీస్తుంది. దానికి ముఖపు త్రిమితీయ నమూనా కావాలి, లేదా రెండు ఫొటోలూ నేరుగా కెమెరా వైపు చూస్తున్నవి తీసుకోవాలి.