స్థిరత్వం ఒకటి కాదు, మూడు

ఒక వ్యవస్థ స్థిరంగా ఉందా అనే ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. బయటి నుంచి ఏమీ అందనప్పుడు, కాస్త కదిలించి వదిలేస్తే అది మళ్లీ తన చోటికి వస్తుందా అన్నది మొదటిది. బయటి నుంచి ఎడతెగకుండా ఏదో ఒకటి అందుతూ ఉంటే, ఫలితం హద్దులో ఉంటుందా అన్నది రెండోది. మొదటి ప్రశ్నకు సంబంధించినవి అసింప్టాటిక్ స్థిరత్వం, మార్జినల్ స్థిరత్వం. ఈ దారిలో ఆలోచనకు క్రమమైన గణితరూపం ఇచ్చింది 1892లో రష్యన్ గణితవేత్త అలెగ్జాండర్ ల్యాపునోవ్ రాసిన డాక్టరేట్ గ్రంథం. రెండో ప్రశ్నకు సంబంధించినది బీబో స్థిరత్వం. హద్దులో ఉన్న ఇన్‌పుట్ ఏదిచ్చినా అవుట్‌పుట్ కూడా హద్దులోనే ఉండాలని దాని షరతు.

ఒక చదరపు మీటరు అడుగు ఉన్న నీళ్ల ట్యాంకును తీసుకుంటే తేడా సులువుగా తెలుస్తుంది. దాని అడుగున ఒక తూము ఉంది. మట్టం ఒక మీటరు ఉన్నప్పుడు నిమిషానికి 100 లీటర్లు పోతాయి, అర మీటరు ఉంటే 50 లీటర్లు. నిజమైన తూములో నీటివేగం మట్టానికి కాక దాని వర్గమూలానికి అనుగుణంగా ఉంటుంది కానీ, ఒక మట్టం చుట్టూ జరిగే చిన్న మార్పులకు ఈ సరళ లెక్క సరిపోతుంది. మట్టాన్ని h మీటర్లు, లోపలికి వచ్చే నీటిని నిమిషానికి q ఘనపు మీటర్లు అనుకుంటే, నిమిషానికి మట్టంలో వచ్చే మార్పు ఇది:

```
dh/dt = -0.1 h + q
```

పైనుంచి నీళ్లు ఆపేసి, ఒక మీటరు మట్టం నుంచి వదిలేస్తే 10 నిమిషాలకు సుమారు 37 సెంటీమీటర్లు, 20 నిమిషాలకు 13.5, అరగంటకు 5 సెంటీమీటర్లు మిగులుతాయి. ఎంత మట్టంతో మొదలుపెట్టినా చివరికి సున్నా వైపే సాగుతుంది. ఇదే అసింప్టాటిక్ స్థిరత్వం. కదిలింపు పెరగకుండా ఉంటే చాలదు, అది క్రమంగా అంతరించాలి.

ఇప్పుడు కుళాయి తిప్పితే రెండో ప్రశ్న వస్తుంది. ఖాళీ ట్యాంకులోకి వచ్చే నీరు ఎప్పుడూ నిమిషానికి 50 లీటర్లు మించదనుకుందాం. అది నిలకడగా వచ్చినా, ఆగుతూ వచ్చినా మట్టం అర మీటరు దాటదు. ఎందుకంటే అర మీటరు దగ్గర తూము గుండా సరిగ్గా 50 లీటర్లు పోతున్నాయి. కాబట్టి ఈ ట్యాంకుకు బీబో స్థిరత్వం కూడా ఉంది. ఇది యాదృచ్ఛికం కాదు. గుణకాలు కాలంతో మారని సరళ వ్యవస్థల్లో అసింప్టాటిక్ స్థిరత్వం ఉంటే బీబో స్థిరత్వం తప్పక వస్తుంది. పేచీ అంతా ఎదురుదారిలోనే ఉంది.

ఆ పేచీకి ముందు తూము మూసేసి చూడాలి. అప్పుడు dh/dt = q మాత్రమే మిగులుతుంది. నీళ్లు రాకపోతే మట్టం ఎక్కడుంటే అక్కడే ఉంటుంది. అది పెరగదు, తరగదు, సున్నాకు రాదు. ఇదే మార్జినల్ స్థిరత్వం. వదిలేసినంతకాలం ఏ గొడవా లేదు. కానీ నిమిషానికి 50 లీటర్ల చొప్పున నీళ్లు వస్తే మట్టం నిమిషానికి 5 సెంటీమీటర్లు ఎదుగుతుంది. గోడ ఎత్తు మీటరున్నర అయితే అరగంటలో పొర్లిపోతుంది. ఇన్‌పుట్ హద్దులోనే ఉంది, అవుట్‌పుట్ లేదు. కాబట్టి ఈ ట్యాంకుకు బీబో స్థిరత్వం లేదు.

మార్జినల్ స్థిరత్వానికి మరో రూపం రాపిడి లేని లోలకం. ఒక మీటరు పొడవున్నది సుమారు రెండు సెకన్లకొకసారి ఊగుతుంది. పక్కకు లాగి వదిలితే ఆ ఊపు తగ్గదు, పెరగదు. దానికి ఒకే వైపు సన్నటి గాలి నిలకడగా వీస్తే ఊపు మధ్యబిందువు కొంచెం జరుగుతుందే తప్ప ప్రమాదమేమీ లేదు. ఈ ఒక్క ప్రయోగంతో బీబో స్థిరత్వం ఉందని తేల్చేస్తే తప్పవుతుంది, ఎందుకంటే ఆ షరతు హద్దులో ఉన్న ప్రతి ఇన్‌పుట్‌కూ వర్తించాలి. అదే రెండు సెకన్ల లయలో ఎంత చిన్న బలంతో నెట్టినా, సరళ సమీకరణం ప్రకారం ఊపు కాలంతోపాటు పెరుగుతూనే పోతుంది. ఇంజినీర్లు రెజొనెన్స్ అనేది దీన్నే. నిజమైన లోలకంలో రాపిడి ఉంటుంది, పెద్ద కోణాల దగ్గర సమీకరణమూ మారుతుంది, అందుకే ఆ పెరుగుదల ఒకచోట ఆగుతుంది.

గణితంలో ఈ తేడాను పోల్స్ అనే సంఖ్యలు చూపిస్తాయి. తూము ఉన్న ట్యాంకుకు పోల్ -0.1, మూసేసిన ట్యాంకుకు సున్నా. పోల్స్ అన్నిటి వాస్తవ భాగమూ రుణమైతే అసింప్టాటిక్ స్థిరత్వం. కొన్నిటి వాస్తవ భాగం సున్నా అయి, అలాంటివి ఒక్కొక్కటిగా ఉంటే మార్జినల్ స్థిరత్వం. ఒకే సున్నా పోల్ రెండుసార్లు వచ్చిన ప్రసిద్ధ సందర్భం రాపిడి లేని పట్టాల మీది బండి. చిన్న తోపు తగిలితే చాలు, వేగం తగ్గదు కాబట్టి బండి దూరం పెరుగుతూనే ఉంటుంది. దానికి మార్జినల్ స్థిరత్వం కూడా లేదు.

ఇక అసలు పేచీ. బీబో స్థిరత్వం ఉందంటే లోపల అంతా కుదురుగా ఉన్నట్టేనా? కాదు. తనంతట తాను పెరిగే ఒక యంత్రం ఉందనుకుందాం. దాని లెక్క dx/dt = x + v. ఇక్కడ v యంత్రానికిచ్చే ఆదేశం, x దాని అవుట్‌పుట్, కాలం సెకన్లలో. దీని పోల్ +1, అంటే అస్థిరం. ఆదేశాన్ని యంత్రానికి అందించే ముందు ఒక కంట్రోలర్ గుండా పంపి ఈ పోల్‌ను కాగితం మీద కొట్టేయవచ్చు:

```
(s - 1)/(s + 1) × 1/(s - 1) = 1/(s + 1)
```

మిగిలిన పోల్ -1. సున్నా స్థితి నుంచి మొదలుపెడితే హద్దులో ఉన్న ఏ ఆదేశమిచ్చినా అవుట్‌పుట్ హద్దులో ఉంటుంది. నిర్వచనం ప్రకారం బీబో స్థిరత్వం ఉన్నట్టే, ఎందుకంటే ఆ నిర్వచనం సున్నా నుంచి మొదలుపెట్టే లెక్క. కానీ యంత్రం మొదట్లోనే మిల్లీమీటరులో వెయ్యోవంతు పక్కకు ఉంటే, ఆ తేడా సెకనుకు 2.718 రెట్ల చొప్పున పెరిగి, పది సెకన్లకు 22 మిల్లీమీటర్లు అవుతుంది. ఇన్‌పుట్ నుంచి అవుట్‌పుట్‌కు రాసిన సూత్రంలో ఆ పోల్ చెరిగిపోయింది, యంత్రంలో మాత్రం అలాగే ఉంది. అందుకే జాగ్రత్త గల ఇంజినీరు కొట్టివేతలకు ముందున్న పోల్స్ అన్నీ చూస్తాడు. ఇన్‌పుట్ ఇవ్వకుండా, చిన్న తొలి కదిలింపుతో వదిలి కూడా పరీక్షిస్తాడు.

కొట్టివేతకు మరో బలహీనత ఉంది. యంత్రం గుణకం నిజంగా 1 కాక 1.1 అయితే (s - 1) దాన్ని కొట్టివేయలేదు. అప్పుడు సున్నా నుంచి మొదలుపెట్టినా అవుట్‌పుట్ పెరిగిపోతుంది, బీబో స్థిరత్వం కూడా పోతుంది. నిజమైన ఉపాయం అవుట్‌పుట్‌ను కొలిచి ఆదేశంలో కలపడం, అంటే ఫీడ్‌బ్యాక్. u బయటి ఆదేశమనుకుని v = u - 3x అని పెడితే మొదటి సమీకరణం dx/dt = -2x + u అవుతుంది. తొలి తేడా అంతరిస్తుంది, హద్దులోని ఆదేశానికి హద్దులోనే ఫలితం వస్తుంది. గుణకం 1.1 అయినా -2 స్థానంలో -1.9 వస్తుంది, అంతే తేడా.