మీకు తెలుసా? గీజర్ షాక్‌ను ఎంసీబీ ఆపలేదు

2 కిలోవాట్ల గీజర్ సుమారు 9 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. దాని ఎంసీబీ సాధారణంగా 16 ఆంపియర్లది. లోపలి హీటర్ కాయిల్ పగిలి, తడి ఒంటి గుండా 0.1 ఆంపియరు పారినా ప్రాణం పోవచ్చు. ఎంసీబీకి మాత్రం అది లెక్కలోకే రాదు. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి వస్తోందో లేదో చూసేది ఆర్‌సీసీబీ. 30 మిల్లీఆంపియర్ల తేడా వస్తే క్షణంలోపే లైను తెంపేస్తుంది. అయితే ఫేజునూ న్యూట్రల్‌నూ ఒకేసారి పట్టుకుంటే అదీ కాపాడలేదు.

వరద తర్వాత కూడా ఇలాంటి షాక్ ప్రమాదమే ఉంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అలా మునిగిన ఇంట్లో బోర్డు పైకి ఆరినట్టు కనిపించినా, గోడలోని పైపుల్లో బురదనీరు మిగిలే ఉంటుంది. నీళ్లలో నిలబడి మెయిన్ ముట్టుకోకండి, 1912కు ఫోన్ చేసి సరఫరా ఆపించండి. మునిగిన స్విచ్చులు, బ్రేకర్లు ఆరబెట్టినా పనికిరావు, మార్చాల్సిందే. ఎలక్ట్రీషియన్ చేత మెగ్గర్‌తో వైర్లు పరీక్ష చేయించాకే కరెంటు ఇవ్వాలి. కరెంటు ఇచ్చాక ఆర్‌సీసీబీ పడిపోతుంటే, ఎంసీబీలన్నీ దించి, ఒక్కొక్కటే ఎత్తుతూ పోండి; ఏది వేసినప్పుడు ఆర్‌సీసీబీ పడిపోతుందో ఆ లైనులోనే లీకేజీ. అన్నీ దించినా పడిపోతుంటే న్యూట్రల్ ఎర్త్‌కు తగులుతోందేమో చూడాలి.

ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్‌ను నెలకోసారి నొక్కండి. పడకపోతే వెంటనే మార్చండి.